అరబీలో 'ఖాల' నుంచి 'ఖుల్తు' ఎలా వచ్చింది?

> 'ఖాల' అంటే 'అన్నాడు' కదా. 'నేను అన్నాను'కి 'ఖాల్తు' అని రాస్తే తప్పన్నారు. 'ఖుల్తు'లో ఆ 'ఉ' ఎక్కడిది?

'కతబ, కతబ్తు' పద్ధతిలోనే దీనికీ 'తు' తగిలించినట్టున్నారు. కానీ 'ఖాల' ధాతువు ఖాఫ్, వావ్, లామ్. మధ్యలో వావ్ ఉంది కాబట్టి లెక్క మారుతుంది.

1. 'తు' చేరగానే లామ్‌కి సుకూన్ వస్తుంది, అంటే దానికి అచ్చు ఉండదు. అలాంటి హల్లు ముందు ఈ దీర్ఘం నిలవదు, హ్రస్వమైపోతుంది.

2. ఏ హ్రస్వం? అందరూ జారేది ఇక్కడే. 'ఖాల'ని చూసి 'ఖల్తు' అనేస్తారు. చూడాల్సింది వర్తమాన రూపం:
   - యఖూలు (అంటాడు): ఖుల్తు
   - యసీరు (నడుస్తాడు): సిర్తు
   - యనాము (నిద్రపోతాడు): నిమ్తు

   మూడోది కాస్త మొండిది. అక్కడ 'ఆ' ఉన్నా 'ఇ' వస్తుంది. అంటే వర్తమానంలో 'ఊ' ఉంటేనే 'ఉ', మిగతా రెంటికీ 'ఇ'. అందుకే ఇలాంటి క్రియని 'ఖాల, యఖూలు' అని జంటగానే బట్టీ పట్టండి.

3. లామ్‌కి అచ్చు ఉంటే దీర్ఘం కదలదు: ఖాలత్ (ఆమె అంది), ఖాలూ (వాళ్లు అన్నారు).

'లమ్' తర్వాత కూడా ఇదే చూడండి. 'లమ్ యఖుల్' (అతను అనలేదు)లో సుకూన్ ఉంది, దీర్ఘం పోయింది. 'లమ్ యఖూలూ' (వాళ్లు అనలేదు)లో లామ్‌కి అచ్చు ఉంది, దీర్ఘం అలాగే ఉంది.