వోచరు వద్దు, డబ్బే కావాలని వ్రాయడం ఎలా

నెల్లూరు

చిరంజీవి అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. చెన్నై నుంచి వారణాసికి మీరు తీసుకున్న నాలుగు టికెట్లను విమాన సంస్థే రద్దు చేసి, కట్టిన 27,600 రూపాయలకు మరో వెయ్యి కలిపి 28,600 రూపాయల వోచరు ఇస్తామంటోందని మీ నాన్న ఫోనులో చెప్పాడు. ఆ మెయిలులో ఉన్న ‘అంగీకరిస్తున్నాను’ అనే బటన్‌ను నీవు గానీ, ఇంట్లో మరెవరైనా గానీ నొక్కవద్దు. నొక్కితే డబ్బుకు బదులు వోచరు చాలని మీరే ఒప్పుకున్నట్టు వారి దగ్గర రికార్డు ఉండిపోతుంది, ఆ తరువాత ఎంత వాదించినా వారు దానినే చూపిస్తారు.

వెయ్యి రూపాయలు ఎక్కువ వస్తున్నాయి కదా అని మీ అత్తగారు అన్నారట. ఆ మెయిలు అడుగున చిన్న అక్షరాలలో ఉన్న షరతులను ఆమెకు చదివి వినిపించు. ఏడాదిలోపు వాడాలి, ఒక్కసారే వాడాలి, టికెట్టులో పేర్లున్న వారికే చెల్లుతుంది. కావలిలో ఉంటూ ఏడాదిలోపు మళ్ళీ అదే సంస్థ విమానంలో నలుగురూ కలిసి ప్రయాణిస్తారన్న నమ్మకం లేనప్పుడు, ఆ కాగితం విలువ 28,600 కాదు. పైగా అప్పటికి టికెట్ల ధర పెరిగితే, ఆ తేడా కూడా మీరే కట్టుకోవాలి.

ఈ విషయంలో నియమం స్పష్టంగానే ఉంది. టికెట్ల డబ్బు వాపసు గురించి పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్, అంటే డీజీసీఏ, జారీ చేసిన నిబంధనలలో, వాపసు సొమ్మును క్రెడిట్ షెల్‌గా ఉంచుకోవాలా వద్దా అన్నది ప్రయాణికుడి ఇష్టమే తప్ప, సంస్థ తనంతట తాను అమలు చేసే పద్ధతి కారాదని ఉంది. క్రెడిట్ షెల్ అంటే ఈ వోచరే, పేరు మాత్రమే వేరు. క్రెడిట్ కార్డుతో కట్టిన సొమ్మును రద్దయిన 7 రోజులలో తిరిగి ఇవ్వాలని కూడా అందులోనే ఉంది. మీరు కట్టింది కార్డుతోనే కాబట్టి ఈ గడువు మీకు వర్తిస్తుంది.

ఇక్కడ ఒక తేడా గుర్తుంచుకోవాలి. విమానాన్ని వారు రద్దు చేశారు కాబట్టే మొత్తం సొమ్ము అడిగే హక్కు మీకు ఉంది. అదే మీరు రద్దు చేసుకుని ఉంటే టికెట్టు షరతుల ప్రకారం కోత పడేది. అందుకే కాల్ సెంటర్ వారు మాటల మధ్యలో “మీ రద్దు అభ్యర్థన నమోదు చేయమంటారా?” అని అడిగితే సరేననవద్దు. వారి వెబ్‌సైటులోకి వెళ్ళి మామూలు రద్దు బటన్ కూడా నొక్కవద్దు. రద్దు చేసినట్టు వారు పంపిన మెసేజీని తేదీతో సహా కనిపించేలా ఫోటో తీసి దాచుకో.

ఫోనులో మాట్లాడినా, తరువాత మెయిలు తప్పక పంపు. అందులో కోపం, కథ ఏమీ అవసరం లేదు. టికెట్టు నంబరు వేసి ఇలా వ్రాస్తే చాలు: “ఈ విమానాన్ని రద్దు చేసినది మీ సంస్థ. క్రెడిట్ షెల్ గానీ వోచరు గానీ నాకు అంగీకారం కాదు. నేను చెల్లించిన 27,600 రూపాయలను అదే క్రెడిట్ కార్డుకు 7 రోజులలో తిరిగి జమ చేసి, లావాదేవీ రిఫరెన్సు నంబరు తెలియజేయగలరు.” ఆ సంస్థ ఫిర్యాదుల అధికారి చిరునామా వారి వెబ్‌సైటులోనే ఉంటుంది, మెయిలు ఆయనకూ వెళ్ళేలా చూడు.

“మా సిస్టంలో వోచరు ఒక్కటే చూపిస్తోంది మేడమ్” అని వారు అనవచ్చు. ఆ మాటనే మెయిలులో వ్రాసి పంపమని అడుగు. నోటితో చెప్పినంత సులువుగా దానిని వ్రాతలో పెట్టడానికి వారు ఇష్టపడరు. నీవు అడగకుండానే మీ ఖాతాలో వోచరు వేసినా కంగారు పడవద్దు. అందులోంచి రూపాయి కూడా వాడకుండా, దానిని వెనక్కి తీసుకోవాలని ఆ మెయిలుకే జవాబుగా వ్రాయి.

వారం గడిచినా సొమ్ము జమ కాకపోతే పౌర విమానయాన శాఖ వారి ఎయిర్‌సేవా పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు కూడా ఫోన్ చెయ్యి. కార్డు ఇచ్చిన బ్యాంకుకు సేవ అందలేదని వ్రాసి, ఆ చెల్లింపుపై అభ్యంతరం నమోదు చేయించు. దీనికి బ్యాంకుల దగ్గర గడువు ఉంటుంది కాబట్టి, సంస్థ వారు “పరిశీలిస్తున్నాం” అంటూ నెలలు గడిపితే ఎదురుచూస్తూ కూర్చోవద్దు.

వీటితో తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. సంస్థ కార్యాలయం ఎక్కడో ఢిల్లీ పక్కన ఉందని వెనుకాడనవసరం లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఫిర్యాదుదారు నివసించే చోటే కేసు వేయవచ్చు, కాబట్టి మీకు నెల్లూరే సరిపోతుంది. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు, కారణం ఏర్పడిన రెండేళ్ళలోపు వేయాలి. అంతవరకూ వస్తే కాగితాలన్నీ తీసుకుని ఇంటికి రా, ఫిర్యాదు ఇద్దరం కూర్చుని వ్రాద్దాం.

వారు రిఫరెన్సు నంబరు ఇచ్చినా కార్డు స్టేట్‌మెంటులో జమ కనిపించకపోతే, ఆ నంబరుతో బ్యాంకు వారినే వెతకమను. వచ్చిన మొత్తం 27,600 ఉందో లేదో సరిచూసి, తక్కువ ఉంటే దేనికి కోశారో మళ్ళీ అదే మెయిలు వరుసలో అడుగు.

ఇట్లు,
పెదనాన్న