మూసీ లెక్కలు ఎవరి కథ?

హైదరాబాదు

చిరంజీవి తమ్ముడికి ఆశీస్సులు.

1908 మూసీ వరద మీద నువ్వు ఇవ్వబోయే ఇరవై నిమిషాల ప్రసంగం రాతప్రతిని రెండుసార్లు చదివాను. తల్లిని, భార్యను, కూతురిని ఆ వరదలో పోగొట్టుకుని ఒంటరిగా మిగిలిన ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీతో మొదలుపెట్టావు. అయితే రెండో నిమిషంలోనే ఆయనను వదిలేసి, పద్నాలుగు స్లైడ్ల నిండా చెరువుల, జలాశయాల లెక్కలు చూపించి, చివర్లో మళ్లీ ఆయన దగ్గరికి వచ్చావు. మధ్యలోని అంకెలకు ఆయన దుఃఖంతో సంబంధం కుదరలేదు.

ఇలాంటి ప్రసంగంలో అందరికంటే ఎక్కువ బాధపడినవారే ప్రధాన పాత్ర కానక్కరలేదు. నీ లెక్కలు ఎవరి ప్రశ్నకు జవాబో ఆ మనిషే ప్రధాన పాత్ర. ఇక్కడ ఆయన 1909లో నిజాం ప్రభుత్వం పిలిపించిన ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య. అంత నీరు ఎక్కడి నుంచి వచ్చింది, మళ్లీ రాకుండా ఎలా ఆపాలి అన్నది ఆయన ముందున్న చిక్కు. అమ్జద్ కథ ఆ ప్రశ్నను పుట్టించి పక్కకు తప్పుకుంటే చాలు.

నీ ప్రతిలో ‘788 చెరువుల్లో 221 తెగాయి’ అని ఒకే వాక్యంలో ఉంది. దాన్ని విడదీయి. మూసీ పరీవాహక ప్రాంతంలో 788 చెరువులున్నాయని మాత్రమే చెప్పి కాసేపు ఆగు. ఇన్ని చెరువులుండగా వరద ఎందుకు వచ్చిందని వింటున్నవాళ్లు తమలో తాము ప్రశ్నించుకోవాలి. 221 అన్న అంకె ఆ తరువాత రావాలి. గొలుసుకట్టు చెరువుల్లో పై గట్టు తెగితే ఆ నీరంతా కింది చెరువు మీద పడుతుంది. కాపాడవలసినవే వరదను పెంచాయన్నది నీ కథకు మలుపు. అలాగని చెరువులను ప్రతినాయకులను చేయకు. అంత వాన కురవకపోతే ఆ గట్లు నిలిచేవేమో. ఇంజనీరు మనసులోని మాటలనూ కల్పించకు.

పరిష్కారం దగ్గర నువ్వు తొందరపడ్డావు. నగరానికి ఎగువన 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయని చెప్పి, ‘దాంతో వరద భయం తీరింది’ అని ముగించావు. 2020 అక్టోబరులో ఇళ్లు మునిగినవాళ్లు సభలో ఉంటే ఆ మాటను నమ్మరు. జలాశయాలు ఎగువ నుంచి వచ్చే నీటిని పట్టి ఉంచగలవు గాని, నగరం మీదే కురిసిన వానను ఆపలేవు. ఇంజనీరు చిక్కు ఎంతవరకు తీరిందో అంతవరకే చెప్పు.

ఇక మిగిలిన అంకెలను ఒక్కొక్క చీటీ మీద రాసి, ఇది తెలిశాక ఇంజనీరు ఆలోచనలో ఏం మారిందో దాని కింద ఒక వాక్యం రాయి. వాక్యం రాని చీటీని తీసేయి. అఫ్జల్‌గంజ్ చింతచెట్టు ఎక్కి నూట యాభై మంది బతికారన్న ముచ్చట నాకూ ఇష్టమే, కానీ ఈ పరీక్షలో అది నిలవదు. అలా మిగిలిపోయినవాటిని ఒక కాగితం మీద అచ్చు వేయించి, ప్రసంగం అయ్యాక పంచిపెట్టు.

మీ అన్నయ్య