హెచ్‌ఆర్‌ఏ మొత్తం మినహాయింపు ఎందుకు రాలేదంటే

"నల్లగొండలో 9,000 అద్దె కడుతున్నా, హెచ్‌ఆర్‌ఏ 6,800 వస్తుంది. బేసిక్ 40,000, డీఏ 8,000. ఆఫీసులో నెలకు 4,200కి మాత్రమే పన్ను మినహాయింపు ఇచ్చారు, తప్పు కదా? (2024-25, పాత పన్ను పద్ధతి)"

తప్పు కాదన్నా, వాళ్ల లెక్క సరిగ్గానే ఉంది. మూడు అంకెలు వేసి అన్నింటికంటే చిన్నది తీసుకోవాలి. మొదటిది మీకొచ్చే 6,800. రెండోది అద్దెలోంచి జీతంలో పదో వంతు తీసేయగా మిగిలేది. చాలామంది తప్పు చేసేది ఇక్కడే, జీతమంటే బేసిక్ ఒక్కటే అనుకుంటారు, కానీ పింఛనుకు లెక్కలోకొచ్చే డీఏ కూడా కలపాలి. అంటే 48,000లో పదో వంతు 4,800, అది 9,000లోంచి తీసేస్తే 4,200. మూడోది ఊరిని బట్టి: ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నైలో అద్దెకుంటే జీతంలో 50 శాతం, మిగతా చోట్ల 40, మీకు 19,200. ఆ సంవత్సరానికి హైదరాబాదులో ఉన్నా 40 శాతమే.

చిన్నది 4,200, ఏడాదికి 50,400. మిగతా 31,200 మీద పన్ను పడుతుంది. మధ్యలో డీఏ పెరిగితే ఆ నెల నుంచి లెక్క మళ్లీ వేయాలి, ఏడాది మొత్తానికి ఒకే అంకె వాడొద్దు.

ఇంకోటి, మీ అద్దె ఏడాదికి 1,08,000, లక్ష దాటింది కాబట్టి ఓనర్ పాన్ ఆఫీసులో ఇవ్వాలి. నేను రసీదులన్నీ పెట్టి పాన్ మర్చిపోతే నా మినహాయింపు ఆపేశారు, చివరికి రిటర్న్‌లో చూపించి వెనక్కి తెచ్చుకున్నా. ఓనర్‌ని ఇప్పుడే అడగండి.