రెండు బిట్‌కాయిన్లు, పదేళ్లు: ఒక్క హార్డ్‌వేర్ వాలెట్ చాలా, మల్టీసిగ్ కావాలా?

ప్రశ్న: నా దగ్గర 2 బిట్‌కాయిన్ల దాకా ఉన్నాయి. కనీసం పదేళ్లు కదపను. ఇప్పుడు ఒక హార్డ్‌వేర్ వాలెట్‌లో ఉన్నాయి. 24 పదాలు కాగితం మీద రాసి బీరువాలో పెట్టాను. మల్టీసిగ్‌కి మారమని ఆఫీసులో ఒకాయన అంటున్నాడు. అవసరమా? అమ్మానాన్నలు నెల్లూరులో ఉంటారు. మా ఆవిడకి ఈ విషయాలు పెద్దగా తెలియవు. — వేళచ్చేరి, చెన్నై

జవాబు: మల్టీసిగ్ అంటే ఒక్క కీ కాకుండా ఒకటికి మించిన కీలు సంతకం చేస్తేనే కాయిన్లు కదిలే వాలెట్. దానికి మారడమే మంచిది. కానీ తొందరపడి మారితే ఇప్పుడున్న దానికంటే ప్రమాదం. ఎందుకో చెబుతాను.

హార్డ్‌వేర్ వాలెట్ పోయినా, పాడైనా కంగారు లేదు. ఆ 24 పదాలను కొత్త డివైస్‌లో ఎక్కిస్తే కాయిన్లు మళ్లీ మీ చేతికొస్తాయి. చిక్కంతా అక్కడే ఉంది: ఆ పదాలు ఎవరి కంటబడితే కాయిన్లు వాళ్లవే. పిన్ నంబరు డివైస్‌ను కాపాడుతుంది కానీ కాగితాన్ని కాపాడదు. ఇంకో కాపీ రాసి ఇంకోచోట పెడితే పోగొట్టుకునే భయం తగ్గుతుంది, దొంగల భయం పెరుగుతుంది. పైగా మీరున్నది వేళచ్చేరి. 2015 డిసెంబరు వరదల్లో కింది అంతస్తుల బీరువాలకు ఏమైందో మీకు చెప్పనక్కర్లేదు. మల్టీసిగ్ సంగతి తర్వాత, ముందు ఆ పదాలను స్టెయిన్‌లెస్ స్టీల్ పలక మీద చెక్కించకుండా మీరే చెక్కండి.

24 పదాలకు తోడు పాస్‌ఫ్రేజ్ అనే సొంత రహస్య మాట ఒకటి పెట్టుకుంటే చాలదా అని చాలామంది అడుగుతారు. దొంగతనానికి అది మంచి అడ్డే. అయితే పాస్‌ఫ్రేజ్‌లో ఒక్క అక్షరం తేడా వచ్చినా డివైస్ 'తప్పు' అనదు, ఇంకో ఖాళీ వాలెట్ తెరిచి చూపిస్తుంది. ఎనిమిదేళ్ల తర్వాత సున్నా బ్యాలెన్స్ చూసినవాళ్లకు కాయిన్లు పోయాయో, స్పెల్లింగ్ మారిందో తెలుసుకునే దారి ఉండదు. అందుకే కుటుంబం ఆధారపడే సొమ్ముకు నేను దాన్ని సూచించను.

మీకు సరిపోయేది మూడింట రెండు పద్ధతి. మూడు డివైస్‌లు, మూడు వేర్వేరు సీడ్‌లు, అంటే మూడు 24 పదాల జాబితాలు ఉంటాయి. కాయిన్లు కదలాలంటే ఏవైనా రెండు సంతకం చెయ్యాలి. ఒక సీడ్ దొంగ చేతిలో పడ్డా కాయిన్లు కదలవు, ఒకటి పూర్తిగా పోయినా మిగతా రెండింటితో బయటపడొచ్చు. ఒకటి ఇంట్లో, ఒకటి చెన్నైలో బ్యాంకు లాకర్లో, ఒకటి నెల్లూరులో. రెండు సీడ్‌లు ఒకే కప్పు కింద ఒక్క రాత్రి కూడా ఉండకూడదు. లాకర్ తీసుకునేముందు అది ఏ అంతస్తులో ఉందో అడగండి. దొంగతనానికీ, అగ్నిప్రమాదానికీ బ్యాంకు బాధ్యత ఏడాది అద్దెకు వంద రెట్లకే పరిమితం. వరదలాంటి ప్రకృతి వైపరీత్యానికైతే అదీ ఉండదు.

ఇక తొందరపడితే జరిగేది. మీ ఇల్లు మునిగి మొదటి సీడ్ పోయిందనుకుందాం. లాకర్లోదీ, నెల్లూరుదీ భద్రంగా ఉన్నాయి. రెండు సంతకాలు చాలు కదా, కాయిన్లు వచ్చేసినట్టే అనుకుంటారు. రావు. ఒక్కో సీడ్ నుంచి ఒక పబ్లిక్ కీ పుడుతుంది, మల్టీసిగ్ అడ్రస్ ఆ మూడు పబ్లిక్ కీలనూ కలిపి తయారవుతుంది. మూడోది తెలియకపోతే మీ కాయిన్లు ఏ అడ్రస్‌లలో ఉన్నాయో వాలెట్ కనుక్కోలేదు, వాటిని ఖర్చుపెట్టడానికి కావలసిన స్క్రిప్టునూ తయారుచెయ్యలేదు. మొదటి సీడ్ పోతే దాని పబ్లిక్ కీ కూడా దానితోపాటే పోతుంది. ఆ మూడు కీలనూ, ఏవైనా రెండు చాలన్న నియమాన్నీ కలిపి రాసిపెట్టుకునే వాక్యమే డిస్క్రిప్టర్. దాని రూపం ఇలా ఉంటుంది:

```
wsh(sortedmulti(2,
 [fp1/48h/0h/0h/2h]xpub1/<0;1>/*,
 [fp2/48h/0h/0h/2h]xpub2/<0;1>/*,
 [fp3/48h/0h/0h/2h]xpub3/<0;1>/*))#checksum
```

అసలుదంతా ఒకే వరుసలో ఉంటుంది. `xpub` అంటే ఒక్కో డివైస్ పబ్లిక్ కీ, అది 111 అక్షరాలు, కాబట్టి చేత్తో రాయొద్దు. ప్రింట్ తీసి, లామినేట్ చేయించి, ప్రతి స్టీల్ పలకతోపాటూ ఒక కాపీ పెట్టండి. ఒక్క పెన్‌డ్రైవ్‌ను మాత్రం నమ్ముకోవద్దు, పదేళ్లు వాడకుండా ఉంచితే అందులోది చెరిగిపోవచ్చు. డిస్క్రిప్టర్ ఎవరికైనా దొరికితే మీ బ్యాలెన్స్ తెలుస్తుంది, కాయిన్లు మాత్రం తీయలేరు. అందుకే జిరాక్స్ షాపుకు ఇవ్వకుండా ఇంట్లోనే ప్రింట్ చేసుకోండి.

డివైస్‌లు మూడూ ఒకే కంపెనీవి కాకుండా మూడు వేర్వేరు కంపెనీలవి తీసుకోండి. ఒకరి సాఫ్ట్‌వేర్‌లో లోపం బయటపడినా రెండు కీలు ఒకేసారి దెబ్బతినకూడదు. కొనేది తయారీదారు దగ్గరో, వాళ్ల అధీకృత డీలర్ దగ్గరో. డబ్బాలో ముందే రాసిన పదాలతో కార్డు వస్తే ఆ డివైస్ వాడకండి, ఆ పదాలు ఇంకొకరి దగ్గర కూడా ఉన్నాయని అర్థం.

వాలెట్ తయారీకి స్పారో సాఫ్ట్‌వేర్ బాగుంటుంది. అందులో `Multi Signature` ఎంచుకుని, రెండు బై మూడు పెట్టి, `Native Segwit (P2WSH)` ఉంచి, ఒక్కో డివైస్ నుంచి కీని దిగుమతి చేసుకోవాలి. తర్వాత చాలామంది వదిలేసే పని: తయారైన వాలెట్ వివరాలను అందుకు వీలున్న ప్రతి డివైస్‌లోనూ నమోదు చేసి, మూడు కీలూ మీవేనా అని డివైస్ తెర మీద సరిచూడాలి. కంప్యూటర్‌లో వైరస్ ఉంటే మీ కీ స్థానంలో దొంగ కీని దూర్చగలదు, కంప్యూటర్ తెర ఆ సంగతి చెప్పదు. 2024 జులైలో మన దేశపు క్రిప్టో ఎక్స్ఛేంజ్ వజీర్‌ఎక్స్‌ నుంచి 23 కోట్ల డాలర్లకు పైగా పోయింది మల్టీసిగ్ వాలెట్ నుంచే. సంతకం చేసినవాళ్ల తెర మీద కనిపించింది ఒకటి, నిజంగా సంతకమైంది ఇంకొకటి అని ఆ సంస్థే ప్రకటించింది. సంతకాలు ఎన్ని ఉన్నా, అందరూ ఒకే తెరను నమ్మితే ఒక్క సంతకంతో సమానం. కాయిన్లు పంపేముందు రిసీవ్ అడ్రస్‌ను కనీసం రెండు డివైస్‌లలో చూడండి. అది `bc1q`తో మొదలై 62 అక్షరాలు ఉంటుంది.

ముందుగా 0.001 బిట్‌కాయిన్ మాత్రమే పంపండి. తర్వాత కంప్యూటర్‌లోని వాలెట్ ఫైలు తీసేసి, ఇంట్లో డివైస్‌ను పక్కనపెట్టి, డిస్క్రిప్టర్ ప్రింటుతోనూ లాకర్, నెల్లూరు కీలతోనూ ఆ మొత్తాన్ని బయటికి తీయండి. సంతకాలు రెండూ ఒకేచోట చెయ్యక్కర్లేదు, ఒకచోట సగం చేసిన ఫైలును మెమరీ కార్డులో ఇంకోచోటికి తీసుకెళ్లొచ్చు. ఒక డివైస్‌ను చెరిపేసి స్టీల్ పలక నుంచి తిరిగి ఎక్కించడం కూడా ఇప్పుడే చేసి చూడండి. ఇవన్నీ కుదిరాకే 2 బిట్‌కాయిన్లనూ మార్చండి. కుదరకపోతే పాత వాలెట్‌లోనే ఉండనివ్వండి, సగం తెలిసిన మల్టీసిగ్ కంటే అది నయం. ఖర్చుపెట్టేటప్పుడు ఫీజు మామూలుకు ఒకటిన్నర రెట్ల దాకా అవుతుంది, పదేళ్లకోసారి తీసేవారికి అది లెక్కలోది కాదు. మీ దగ్గర ఎథీరియంలాంటివి ఉంటే ఈ పద్ధతి వాటికి వర్తించదు, అక్కడ మల్టీసిగ్ స్మార్ట్ కాంట్రాక్టుతో నడుస్తుంది.

మీ ఆవిడకి వాడటం నేర్పక్కర్లేదు కానీ, ఉత్తరం ఒకటి రాసివ్వండి. ఏ మూడు చోట్ల ఏమున్నాయి, రెండు చాలు, డిస్క్రిప్టర్ ఎలా ఉంటుంది, స్పారో పేరు, సాయానికి ఎవరిని పిలవాలి — ఇంతే. పదాలు మాత్రం అందులో ఉండకూడదు, ఆ సాయపడే మనిషి చేతికీ ఇవ్వొద్దని రాయండి. లాకర్‌ను ఇద్దరి పేర్ల మీదా తీసుకోండి, ఒకరు లేకపోయినా మరొకరు తెరిచే ఏర్పాటుతో.

సొంత వాలెట్ నుంచి సొంత వాలెట్‌కు మార్చడం అమ్మకం కాదు, పన్ను పడదు. అమ్మినప్పుడు లాభంపై 30 శాతం, దానిపై 4 శాతం సెస్ కట్టాలి. అందులో తగ్గించుకోగలిగింది కొన్న ధర ఒక్కటే. పదేళ్లకు మీ ఎక్స్ఛేంజ్ ఉంటుందో లేదో, కాబట్టి కొనుగోలు స్టేట్‌మెంట్లన్నీ ఈ వారమే డౌన్‌లోడ్ చేసి, మార్చినప్పటి ట్రాన్సాక్షన్ ఐడీలతో కలిపి దాచండి.