అవార్డు రైటప్ గురించి మామ రాసే ఉత్తరం

బిడ్డా,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి, నువ్వు జాతీయ ఉపాధ్యాయ అవార్డుకి అప్లై చేస్తున్నావని చెప్పింది. రాత్రి పదకొండు దాకా నిద్ర పట్టలేదు. సగం సంతోషం, సగం టెన్షన్. పొద్దున్నే నువ్వు వాట్సాప్‌లో పంపిన రైటప్‌ని పక్కింటి పిల్లాడితో ప్రింట్ తీయించి, ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చున్నా. రిటైరై తొమ్మిదేళ్లయినా ఎర్ర పెన్ను చేతికొస్తే దిద్దకుండా ఉండలేను, ఏమనుకోకు.

ఆఖరి తేదీ దాకా ఆగకు, పోర్టల్ మొరాయిస్తుంది. ఫొటోల కింద తేదీ రాయి. స్పెల్లింగులు ఇంకెవరితోనైనా చూపించు. వీటికి ఇంతకన్నా చెప్పేది లేదు.

ఇప్పుడు అసలు సంగతి. నీ రైటప్ మొదటి పేజీలో "అహర్నిశలు" రెండుసార్లు, "అవిశ్రాంత కృషి" మూడుసార్లు, "విద్యార్థుల గుండెల్లో చెరగని స్థానం" ఒకసారి ఉన్నాయి. ఆ గుండెల సంగతి నువ్వు రాయాల్సింది కాదమ్మా, ఇంకెవరైనా చెప్పాలి. ఈ అవార్డుకి 2018 నుంచి టీచర్లే సొంతంగా నామినేషన్ వేసుకుంటున్నారు. అందుకే ఒకటికి రెండు రెట్లు జాగ్రత్తగా ఉండాలి. నీ అప్లికేషన్ ముందు డీఈఓ అధ్యక్షతన ఉండే జిల్లా కమిటీ చూస్తుంది, తర్వాత రాష్ట్రం, ఆపైన జాతీయ జ్యూరీ. మార్కుల షీటు ముందు పెట్టుకుని కూర్చున్నవాళ్లకి విశేషణాలకి వేసే గడి ఎక్కడా ఉండదు.

నా కథ ఒకటి నీకు ఎప్పుడూ చెప్పలేదు. మీ అమ్మకి కూడా తెలియదు.

కోస్గి వైపు ఒక ఊళ్లో హెడ్మాస్టర్‌గా ఉన్నప్పుడు జిల్లా స్థాయి అవార్డుకి అప్లై చేశాను. పాలమూరు వలసలు నీకు చెప్పక్కర్లేదు. దసరా పోయినంక తల్లిదండ్రులు బొంబాయి బస్సు ఎక్కితే, వెనకే పిల్లలూ ఎక్కేవాళ్లు. మా రోల్‌లో 62 మంది. జనవరిలో రోజుకి సగటున వచ్చేది 31 మంది. మరుసటి ఏడు సర్పంచ్‌తో కలిసి ఇంటింటికీ తిరిగి, పిల్లల్ని నాయనమ్మల దగ్గర వదిలిపెట్టండని బతిమాలాం. ఊరోళ్లు బియ్యం ఇస్తే రాత్రిపూట కూడా బడిలో అన్నం వండించాం. పని నిజంగానే చేశాం.

రాసేటప్పుడే బుద్ధి గడ్డి తిన్నది. "నా కృషితో హాజరు 50 శాతం నుంచి 90 శాతానికి పెరిగింది" అని రాశాను. ఆ 50 ముందటి ఏడు జనవరిది. ఆ 90 అప్పుడే అయిపోయిన జూలైది, 62 మందిలో 56 మంది వచ్చిన నెల. రెండూ రిజిస్టర్‌లో ఉన్న అంకెలే కాబట్టి అబద్ధం కాదని నన్ను నేనే నమ్మించుకున్నా.

ఇంటర్వ్యూలో ముగ్గురు కూర్చున్నారు. వాళ్లలో ఒక పెద్దాయన మాట్లాడకుండా రిజిస్టర్ పేజీలు తిప్పుతూ పోయాడు. చివరికి వేలు ఒకచోట పెట్టి, "సార్, ఇది సంక్రాంతి నెల, అది తొలకరి నెల. పోయిన తొలకరికి ఎంతమంది వచ్చారు?" అన్నాడు. 55 మంది. అంటే తొలకరితో తొలకరిని పోలిస్తే నా కృషికి పెరిగింది ఒక్క పిల్లాడు. నా నోట్లో తడి ఆరిపోయింది. ఫైలు మూసి, మెత్తగానే, "వెళ్లి రండి" అన్నాడు.

బస్సులో కూర్చున్నాక లెక్క వేసుకున్నా. జనవరిని జనవరితోనే పోల్చి ఉంటే 31 మంది 41 అయ్యారు. పది మంది పిల్లలు బొంబాయి పోకుండా ఊళ్లో ఆగిపోయారు. 62 మంది ఉన్న బడిలో పది మంది! వాళ్ల పేర్లు, ఎవరి నాయనమ్మ దగ్గర ఉన్నారన్నది, అన్నీ నా డైరీలోనే ఉన్నాయి. అది రాసి ఉంటే ఆ పెద్దాయన ఇంకో పది ప్రశ్నలు అడిగినా జవాబు చెప్పేవాణ్ణి. పెద్ద అంకె మీద ఆశపడి, ఉన్న మంచి అంకెని డైరీలోనే వదిలేశాను. అందుకే ఈ ముక్క దగ్గర నీ మీద కోప్పడుతున్నా.

నీ రెండో పేజీలో "పఠన సామర్థ్యం 38 శాతం నుంచి 77 శాతానికి గణనీయంగా పెరిగింది" అని ఉంది. నువ్వు జత చేసిన షీట్లు తీసి చూశాను. ఆగస్టులో ఆరో తరగతి 34 మందికి రెండో తరగతి స్థాయి పేరా ఇస్తే 13 మంది తడబడకుండా చదివారు. మార్చిలో 31 మందిలో 24. మరి మిగతా ముగ్గురు ఏరీ? పేర్లు కలిపి చూస్తే ముగ్గురూ ఆగస్టులో చదవలేనివాళ్లే. వాళ్లు లెక్కలోంచి పోతే శాతం దానంతటదే పెరుగుతుంది. నువ్వు కావాలని చేయలేదని నాకు తెలుసు. నన్నడిగిన ఆ పెద్దాయనలాంటి మనిషి నిన్ను అడిగితే మాత్రం తడబడతావు. ఇలా మార్చి చూడు:

"ఆగస్టులో, మార్చిలో రెండుసార్లూ పరీక్షించిన 31 మందిలో, ఒకే స్థాయి పేరాను తడబడకుండా చదివినవారు 13 మంది నుంచి 24 మందికి పెరిగారు. ఈ మధ్యలో వేరే ఊరికి వెళ్లిపోయిన ముగ్గురిని లెక్కలోకి తీసుకోలేదు. వారానికి మూడు రోజులు బడి అయ్యాక 40 నిమిషాలు నేను చదివించాను. ఆ రోజుల్లో మిగతా పిల్లల్ని గణితం సార్ చూసుకున్నారు."

శాతం ఎక్కడా లేదు చూడు. ముప్పై మంది పిల్లల్లో ఒక్కొక్కరి విలువ మూడు శాతం పైనే. అలాంటప్పుడు మనుషుల లెక్కే నయం. "గణనీయంగా" కూడా పోయింది. గణనీయమా కాదా వాళ్లే చెప్పనీ.

ఇంకొకటి. ఆ గణితం సార్ మాట నీ రైటప్‌లో అసలు లేనే లేదు. అంతటా "నేను". ఆ భయానికి మొత్తం "మేము" చేసేయకు మళ్లీ, అందులో నువ్వు చేసిందేంటో వాళ్లకి అర్థం కాదు. నీ పని "నేను" అని, ఆయన పని ఆయన పేరుతో, గ్రంథాలయానికి బీరువా ఇచ్చిన పూర్వ విద్యార్థుల పని వాళ్ల పేరుతో రాయి.

ఆ బీరువా సంగతి బోధనలో ప్రయోగాల కింద ఎందుకు పెట్టావో నాకు అర్థం కాలేదు. గైడ్‌లైన్స్‌లో సమాజాన్ని, తల్లిదండ్రుల్ని, పూర్వ విద్యార్థుల్ని బడికి తోడు తేవడానికి వేరే అంశమే ఉంది. ప్రయోగాల గడిలో బీరువా కనిపిస్తే అక్కడా మార్కు రాదు, ఇక్కడా రాదు. ఆ మూల్యాంకన పట్టిక ప్రింట్ తీసి, ఒక్కో అంశం పక్కన నీ రైటప్‌లోని ఏ పేరా జవాబు చెబుతుందో నంబరు వెయ్యి. నంబరు పడని పేరా ఎంత ముద్దొచ్చినా తీసెయ్. దేవరకొండ వర్షంలో పిల్లల్ని వాగు దాటించిన పేరా నాకూ ముద్దొచ్చింది. చదివి కళ్లజోడు తుడుచుకున్నా. అది తీసి నాకు ఉత్తరంగా పంపు, దాచుకుంటా.

మార్చి షీటులో ఏడో నంబరు పిల్ల పేరు దగ్గర కొట్టివేత ఉంది. అది ఎందుకైందో గుర్తు చేసుకుని పెట్టుకో. దిద్దిన కాపీ ఆదివారంలోగా పంపు. ఫోన్ మాత్రం ఏడు దాటాక చెయ్యి, అప్పటిదాకా చెవి మిషన్ పెట్టుకోను.

మీ మామ