కొలనోస్కోపీ నార్మల్, నీళ్ల విరేచనాలు మాత్రం ఆగడం లేదు: ముక్క తీసి పరీక్షించారా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 61 ఏళ్లు. మాది గుంటూరు. ఐదు నెలలుగా రోజుకు ఏడెనిమిది సార్లు నీళ్లలా విరేచనాలు అవుతున్నాయి. నెత్తురు, జ్వరం లేవు. రాత్రిళ్లు రెండుసార్లు లేవాల్సి వస్తోంది. విజయవాడ బస్సెక్కాలంటేనే భయం. నాలుగు కిలోలు తగ్గాను. కొలనోస్కోపీ చేసి అంతా నార్మల్ అన్నారు. పేగులో జబ్బేమీ లేదు, దాని పనితీరులోనే తేడా, దాన్ని ఐబీఎస్ అంటారు అని చెప్పి ఇచ్చిన మందులతో తగ్గలేదు. షుగరుకు ఎనిమిదేళ్లుగా మెట్‌ఫార్మిన్, మోకాళ్ల నొప్పులకు డైక్లోఫెనాక్, ఏడు నెలలుగా పరగడుపున పాంటోప్రజోల్ వాడుతున్నాను. కారం, గోంగూర మానేసినా తేడా లేదు. ఇంకేం చేయాలి?
- ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: అమ్మా, ముందు ఆ కొలనోస్కోపీ రిపోర్టు బయటికి తీసి, చివరి రెండు మూడు పంక్తులు చదవండి. బయాప్సీ తీసినట్టు రాసి ఉందా? ఉంటే ఎక్కడెక్కడి నుంచి తీశారు, దాని రిపోర్టు ఏమైంది? ఆ మాటే లేకపోతే మీ పెద్దపేగును సగమే పరీక్షించినట్టు. ఎందుకంటే మీరు చెప్పిన లక్షణాలకు బాగా సరిపోయే జబ్బు ఒకటి ఉంది. అది కెమెరా కంటికి కనిపించదు. పేగు గులాబీ రంగులో నున్నగా, పుండూ వాపూ లేకుండా కనిపిస్తుంది. అక్కడి నుంచి చిన్న ముక్క తీసి మైక్రోస్కోపు కింద పెడితేనే బయటపడుతుంది. అందుకే దానికి మైక్రోస్కోపిక్ కొలైటిస్ అని పేరు.

ఐబీఎస్ అన్న మాట దగ్గర నేను ఆగిపోవడానికి మూడు కారణాలున్నాయి. ఐబీఎస్ ఉన్నవాళ్లకు పగలు ఎన్నిసార్లు అయినా, నిద్రలోంచి లేపే విరేచనాలు మామూలుగా ఉండవు. మీరు రాత్రి రెండుసార్లు లేస్తున్నారు. బరువు తగ్గడం ఐబీఎస్ లక్షణం కాదు. అరవై దాటాక కొత్తగా మొదలైన విరేచనాలకు, మిగతా కారణాలన్నీ వెతికి లేవని తేలకముందే ఐబీఎస్ అని పేరు పెట్టకూడదు. మైక్రోస్కోపిక్ కొలైటిస్ ఎక్కువగా కనిపించేది మీ వయసులోనే, అదీ ఆడవాళ్లలో. కారం వల్ల వచ్చింది కాదు, కాబట్టి కారం మానేసినంత మాత్రాన పోలేదు.

లోపల జరిగేది ఇదీ. చిన్నపేగు నుంచి రోజూ లీటరున్నర దాకా నీరు పెద్దపేగులోకి వస్తుంది. పెద్దపేగు లోపలి పొర దాన్ని దాదాపు మొత్తం పీల్చేసుకుంటుంది. ఈ జబ్బులో ఆ పొరలో వాపు కణాలు చేరి, ఉప్పునూ నీటినీ పీల్చుకునే పని మందగిస్తుంది. పొర చిరిగి పుండు పడదు కాబట్టి నెత్తురు రాదు, నీళ్లే వస్తాయి. ఇందులో రెండు రకాలు. లింఫోసైటిక్ రకంలో, పొరలోని ప్రతి వంద కణాల మధ్య ఇరవైకి మించి లింఫోసైట్లు అనే తెల్ల రక్తకణాలు కనిపిస్తాయి. కొలాజినస్ రకంలో, పొర అడుగున ఉండే సన్నటి కొలాజెన్ పట్టీ 10 మైక్రాన్లు దాటి మందమవుతుంది. తల వెంట్రుక మందంలో అది ఏడో పదో వంతు. కెమెరా ఎంత ఖరీదైనదైనా దాన్ని చూడలేకపోవడంలో వింతేమీ లేదు. వైద్యం మాత్రం రెండింటికీ ఒక్కటే.

ముక్క ఎలా తీయాలన్నది డాక్టరుకే వదిలేసే విషయంలా అనిపిస్తుంది గానీ, చాలామందికి జబ్బు చేజారేది ఇక్కడే. ఈ మార్పులు పేగు అంతటా ఒకేలా ఉండవు. కొలాజెన్ పట్టీ కుడివైపు మందంగా ఉండి, కిందికి వచ్చేసరికి పలచబడవచ్చు. పురీషనాళం నుంచి మాత్రమే ఒకటి రెండు ముక్కలు తీసి నార్మల్ అంటే, జబ్బు లేదని చెప్పడానికి అది చాలదు. కుడివైపు పెద్దపేగు నుంచి రెండు మూడు, ఎడమవైపు నుంచి రెండు మూడు ముక్కలు తీయాలి. కుడివీ ఎడమవీ వేర్వేరు సీసాల్లో వేసి, సీసా మీద చోటు పేరు రాయాలి. ఒక్కో ముక్క బియ్యపు నూక అంత ఉంటుంది, తీసేటప్పుడు నొప్పి తెలియదు. ల్యాబుకు పంపే చీటీలో 'ఐదు నెలలుగా నీళ్ల విరేచనాలు, కొలనోస్కోపీ నార్మల్, మైక్రోస్కోపిక్ కొలైటిస్ ఉందేమో చూడండి' అని రాయించండి. ఆ ఒక్క వాక్యం ఉంటే పాథాలజిస్టు లింఫోసైట్లను లెక్కపెడతారు, అనుమానం వస్తే కొలాజెన్‌ను స్పష్టంగా చూపే ట్రైక్రోమ్ రంగు వేస్తారు. లేకపోతే 'స్వల్ప వాపు' అని రాసి పంపే ప్రమాదం ఉంది. ముక్కను ఏటవాలుగా కోస్తే మామూలు పట్టీ కూడా మందంగా కనిపించి తప్పు దారి పట్టిస్తుంది కాబట్టి, రిపోర్టులో సందేహం ఉంటే అవే బ్లాకులు, స్లైడ్లు మరో పాథాలజిస్టుకు చూపించవచ్చు. మొదటిసారే ముక్కలు తీసి ఉంటే మళ్లీ కొలనోస్కోపీ అక్కర్లేకుండా ఇదే దారి.

మళ్లీ పరీక్షకు వెళ్లేలోపు కొన్ని తేల్చుకోవాలి. మలంలో జియార్డియా, అమీబా వంటి పరాన్నజీవులు ఉన్నాయేమో చూడాలి, ఎందుకంటే తర్వాత ఇచ్చేది స్టెరాయిడ్ రకం మందు. థైరాయిడ్ టీఎస్‌హెచ్, గోధుమలోని గ్లూటెన్ పడక వచ్చే సీలియాక్ జబ్బుకు టీటీజీ రక్త పరీక్ష చేయించండి. సీలియాక్, మైక్రోస్కోపిక్ కొలైటిస్ ఒకే మనిషిలో కలిసి ఉండవచ్చు. పేగు వాపును పట్టిచ్చే కాల్‌ప్రొటెక్టిన్ మలంలో నార్మల్‌గా వచ్చిందని ఎవరైనా ధైర్యం చెబితే ఆగిపోకండి, ఈ జబ్బులో అది నార్మల్‌గానే ఉండవచ్చు.

ఇప్పుడు మీ మందులు. విరేచనాలు మొదలై ఐదు నెలలు, పాంటోప్రజోల్ మొదలై ఏడు నెలలు. ఈ రెండు తేదీల దగ్గరితనం నాకు ముఖ్యంగా కనిపిస్తోంది. ఈ జాతి గ్యాస్ మాత్రలకూ, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలకూ, సెర్ట్రలిన్ వంటి కొన్ని డిప్రెషన్ మందులకూ మైక్రోస్కోపిక్ కొలైటిస్‌తో సంబంధం కనిపించింది. పొగ తాగడం కూడా అంతే. మీ విషయంలో పాంటోప్రజోల్ బహుశా డైక్లోఫెనాక్ వల్ల కడుపు పాడవకూడదనే ఇచ్చి ఉంటారు. అదే నిజమైతే, డైక్లోఫెనాక్ ఆపితే రెండో మాత్ర అవసరమూ పోతుంది. మోకాళ్లకు పారాసెటమాల్, పైన రాసే జెల్, ఫిజియోథెరపీ ఎంతవరకు పనిచేస్తాయో చూడమని మీ డాక్టర్ని అడగండి. గతంలో కడుపులో పుండు గానీ నెత్తురు వాంతి గానీ అయి ఉంటే మాత్రం పాంటోప్రజోల్ సొంతంగా ఆపవద్దు. ఆపిన మొదటి రెండు వారాలు మంట పెరగవచ్చు, దాన్ని చూసి మళ్లీ మొదలుపెట్టకండి. మెట్‌ఫార్మిన్ కూడా విరేచనాలు చేస్తుంది, కాకపోతే ఎనిమిదేళ్లుగా పడిన మందు ఇప్పుడు హఠాత్తుగా తిరగబడటం తక్కువ. ఈ మధ్య డోసు పెంచారా, కంపెనీ మారిందా చూసుకోండి. కొన్ని వారాలు దానికి బదులు వేరే మందు ఇచ్చి చూడటం మీ షుగరు డాక్టరుకు కష్టమేమీ కాదు.

బయాప్సీలో జబ్బు తేలితే ఇచ్చే మందు బ్యూడెసొనైడ్, రోజుకు 9 మిల్లీగ్రాములు, ఉదయం ఒకేసారి, ఆరు నుంచి ఎనిమిది వారాలు. 3 మిల్లీగ్రాముల క్యాప్సూల్స్ అయితే మూడు కలిపి మింగాలి, నమలకూడదు, విప్పి పొడి చేయకూడదు. పేగులో కరిగేలా పూత వేసిన రకమే కావాలి. ఆయాసానికి పీల్చే బ్యూడెసొనైడ్ దీనికి పనికిరాదు. ఇది స్టెరాయిడే అయినా, పేగులో పనిచేసి రక్తంలోకి వెళ్లిన దానిలో దాదాపు తొంభై శాతాన్ని కాలేయం మొదటి చుట్టులోనే విరిచేస్తుంది. అందుకే ప్రెడ్నిసొలోన్ కన్నా దుష్ప్రభావాలు చాలా తక్కువ, పైగా ఈ జబ్బులో దానికన్నా బాగా పనిచేస్తుంది. అయినా మీకు షుగరు ఉంది కాబట్టి మొదటి నెల వారానికి రెండుసార్లు పరగడుపున, తిన్నాక చూసుకోండి. ఇంకో మాట. తామర కోసం మెడికల్ షాపులో ఇట్రాకొనజోల్ కొనుక్కోవడం మన దగ్గర మామూలైపోయింది. అది ఆ కాలేయపు పనిని ఆపేసి బ్యూడెసొనైడ్‌ను ఒంట్లో నిలవ చేస్తుంది. క్లారిత్రోమైసిన్ కూడా అంతే. వేరే ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా ఈ మందు వాడుతున్నట్టు చెప్పండి.

రిపోర్టులో 'కొలైటిస్' అన్న మాట చూడగానే మెసలమిన్ రాయడం కనిపిస్తుంటుంది. అది అల్సరేటివ్ కొలైటిస్‌కు మంచి మందు, ఇక్కడ మాత్రం ఉత్తుత్తి మాత్ర కన్నా మెరుగని రుజువు కాలేదు. యాంటీబయాటిక్ కోర్సులు మీద కోర్సులు వాడటం వల్ల కూడా ఒరిగేదేమీ లేదు.

మందు పనిచేస్తోందో లేదో ఊహ మీద చెప్పకండి, ఒక వారం కాగితం మీద గీతలు పెట్టండి. మొత్తం విరేచనాలకు ఒక గీత, నీళ్లలా అయినవాటికి పక్కన ఇంకో గీత. రోజుకు సగటున మూడుకు తక్కువ, అందులో నీళ్లవి సగటున ఒకటికి తక్కువ ఉంటే జబ్బు అదుపులో ఉన్నట్టు. ఉదాహరణకు ఏడు రోజుల్లో పద్దెనిమిది విరేచనాలు, వాటిలో ఐదు నీళ్లవి అయితే సగటు రెండున్నర పైచిలుకు, నీళ్లవి ఒకటికి లోపు. అంటే సరిపోయింది. చాలామందికి రెండు వారాల్లోనే తేడా తెలుస్తుంది. నాలుగు వారాలైనా గీతలు తగ్గకపోతే డోసు పెంచడం దారి కాదు. మాత్ర సరిగా మింగుతున్నారా, డైక్లోఫెనాక్ మళ్లీ మొదలైందా, పిత్తరసం పెద్దపేగులోకి ఎక్కువగా చేరి విరేచనాలు చేస్తోందా అన్నది చూడాలి. ఆఖరిదైతే కొలెస్టిరమిన్ పొడి సాయపడుతుంది. అది మిగతా మాత్రలను కూడా పట్టేసుకుంటుంది కాబట్టి వాటిని గంట ముందు గానీ, నాలుగైదు గంటల తర్వాత గానీ వేసుకోవాలి.

ఈలోగా బయటికి వెళ్లక తప్పనప్పుడు లోపెరమైడ్ 2 మిల్లీగ్రాములు ఒకటి, రాత్రి పడుకునే ముందు ఒకటి వాడవచ్చు. జ్వరం వచ్చినా నెత్తురు కనిపించినా అది వేసుకోకుండా వెంటనే డాక్టర్ని కలవండి, అది ఈ జబ్బు తీరు కాదు. ఓఆర్‌ఎస్ తాగుతూ ఉండండి, కాఫీ కొన్నాళ్లు తగ్గించండి. పాలు తాగినప్పుడు పెరుగుతోందనిపిస్తే పాలు ఆపి పెరుగు, మజ్జిగతో సరిపెట్టుకోండి. గోంగూర మీకు పడుతుంటే తినండి, దాని మీద నిషేధం లేదు.

ఎనిమిది వారాల తర్వాత మందు ఆపితే సగానికి పైగా మందికి నెలల్లోపే జబ్బు తిరగబెడుతుంది. దాంతో మందు విఫలమైందని అనుకోకండి. మళ్లీ 9 మిల్లీగ్రాములతో అదుపు చేసి, 6కీ 3కీ తగ్గిస్తూ, విరేచనాలు ఆగి ఉండే అతి తక్కువ డోసు మీద ఆరు నెలలో ఏడాదో ఉంచుతారు. అలా ఎక్కువ కాలం వాడాల్సి వస్తే క్యాల్షియం, విటమిన్ డి తీసుకుంటూ ఎముకల సాంద్రత పరీక్ష చేయించుకోవాలి. దాంతోనూ ఆగని కొద్దిమందికి అజాథయోప్రిన్, వెడొలిజుమాబ్ వంటివి ఉన్నాయి, ఆ నిర్ణయం గ్యాస్ట్రోఎంటరాలజిస్టుదే. ఈ జబ్బు వల్ల పెద్దపేగు క్యాన్సర్ ముప్పు పెరగదు, కాబట్టి దాని కోసమని ఏటా కొలనోస్కోపీ చేయించుకోనక్కర్లేదు.