ఒకే డేటాకి రెండు ఎంగేజ్‌మెంట్ రేట్లు: తేడా ఎక్కడొస్తుందంటే

ప్రశ్న: మాది విజయనగరంలో చీరల షాపు. వారం వారం మెయిల్‌కి వచ్చే ఆటోమేటిక్ రిపోర్టు ఇన్‌స్టా ఎంగేజ్‌మెంట్ రేటు 11.33 శాతం అంటోంది. అదే డేటా నేను షీట్‌లో వేస్తే 4.5 వస్తోంది. ఏది నమ్మాలి?

4.5నే నమ్మండి. రిపోర్టు మీకు సగటుల సగటు తీసి ఇస్తోంది.

మీరిచ్చిన రెండు అంకెలూ ఒకే డేటాలోంచి రావాలంటే ఆ వారం దాదాపు ఇలా ఉండాలి. పొందూరు ఖద్దరు చీర ఫొటో 400 మందికి చేరింది, లైకులు, కామెంట్లు, సేవ్‌లు, షేర్లు కలిపి 80 వచ్చాయి: 20 శాతం. రెండో ఫొటో 600 మందికి చేరి 60 తెచ్చింది: 10 శాతం. పైడితల్లమ్మ సిరిమానోత్సవం రోజు పెట్టిన రీలు మాత్రం 19,000 మందికి వెళ్లి 760 తెచ్చింది: 4 శాతం.

రిపోర్టు 20, 10, 4 కలిపి మూడుతో భాగించింది, 11.33 వచ్చింది. అంటే 400 మంది చూసిన ఫొటోకీ, 19,000 మంది చూసిన రీలుకీ ఒకే ఓటు ఇచ్చిందన్నమాట. మీరు మొత్తం 900ని మొత్తం 20,000తో భాగించారు, 4.5 వచ్చింది. చిన్న పోస్టులకి సాధారణంగా మన పాత కస్టమర్లే లైకు కొడతారు కాబట్టి వాటి శాతం ఎక్కువగా ఉంటుంది. రీలు దారినపోయే వాళ్లకి కూడా చేరుతుంది, శాతం పడిపోతుంది. అందుకే ఏ వారం రీలు బాగా ఆడితే ఆ వారమే ఈ రెండు అంకెల మధ్య దూరం పెరుగుతుంది.

షీట్‌లో B రీచ్, C ఎంగేజ్‌మెంట్, D ఒక్కో పోస్టు రేటు అనుకోండి. `=AVERAGE(D2:D4)` తప్పు. ఇది పెట్టండి:

```
=IFERROR(SUM(C2:C4)/SUM(B2:B4),"")
```

లుకర్ స్టూడియోలో అయితే కాలిక్యులేటెడ్ ఫీల్డు `SUM(engagements)/SUM(reach)` అని ఉండాలి. SUM లేకుండా ఒక్కో వరసకి భాగించి, పైన స్కోర్‌కార్డులో యావరేజ్ ఎంచుకుంటే మళ్లీ 11.33కే వెళ్తారు. సెల్‌కి పర్సెంట్ ఫార్మాట్ పెట్టాక ఫార్ములాలో 100తో గుణించకండి, 450% అని చూపిస్తుంది. ఇంకా డేటా రాని పోస్టుకి IFERRORలో 0 ఇవ్వడం కూడా తప్పే. AVERAGE ఆ సున్నాని నిజమైన అంకెగానే లెక్కేసి సగటుని కిందకి లాగుతుంది, ఖాళీ వదిలేస్తే పట్టించుకోదు.

ఇక భాగించే అంకె సంగతి. అదే 900ని ఫాలోయర్లతో భాగిస్తే ఇంకో కథ. మీకు 3,000 మంది ఉన్నారనుకుంటే 30 శాతం, దాన్ని మూడు పోస్టులకి పంచితే 10. వ్యూస్ మొత్తం 31,500 అయితే 2.86 శాతమే. ఇవన్నీ లెక్కగా సరైనవే, కాకపోతే వేరు వేరు ప్రశ్నలకి జవాబులు. ఏజెన్సీ వాళ్లు ఆ నెల ఏది పెద్దగా కనిపిస్తే అది పెట్టి, కింద ఏ ఫార్ములానో రాయరు. అదే నాకు మంట. కాలమ్ పేరే ‘ఎంగేజ్‌మెంట్ రేటు (రీచ్ మీద)’ అని రాయమనండి, రాయకపోతే బిల్లు ఆపండి.

ఫాలోయర్లతో భాగించే రిపోర్టులో ఇంకో చిక్కుంది. చాలా టూల్స్ రిపోర్టు తయారయ్యే రోజు ఫాలోయర్ల సంఖ్యనే పాత పోస్టులకీ వాడేస్తాయి. ఖద్దరు ఫొటో పెట్టిన రోజు 3,000 మంది ఉంటే 80కి 2.67 శాతం. సిరిమాను రీలు తర్వాత 4,000 అయ్యారనుకోండి, అదే ఫొటో ఇప్పుడు 2 శాతానికి దిగిపోతుంది. ఫొటోకి జరిగిందేమీ లేదు. దీన్ని పట్టుకోవడం తేలిక: పోయిన నెల రిపోర్టు పీడీఎఫ్ దాచుకుని, అదే తేదీలతో ఈ రోజు మళ్లీ తీయండి. లైకులు, కామెంట్లు మారకుండా శాతం మాత్రం తగ్గితే కారణం ఇదే. పోస్టు పెట్టిన రోజే ఫాలోయర్ల సంఖ్యని ఒక కాలమ్‌లో రాసి ఉంచితే తప్ప దీనికి మందు లేదు, వెనక్కి వెళ్లి తెచ్చుకోవడం కష్టం.

లైకులు కూడా పెరిగి ఉంటే అది వేరే విషయం. సోమవారం రిపోర్టులో ఆదివారం పోస్టుకి ఒక రోజు వయసే, మంగళవారం పోస్టుకి ఆరు రోజులు. రెండిటినీ ఒకే వరసలో పెట్టి ఆదివారం పోస్టు పనిచేయలేదనేస్తారు. షెడ్యూల్‌లో ఏడు రోజులు నిండిన పోస్టులే రావాలని ఫిల్టర్ పెట్టించండి. వెబ్‌సైటుకి గూగుల్ అనలిటిక్స్ చూపించే ఎంగేజ్‌మెంట్ రేటుని మాత్రం దీని పక్కన పెట్టనే వద్దు. అది 10 సెకన్లు దాటిన, లేదా రెండు పేజీలు చూసిన, లేదా కీ ఈవెంట్ జరిగిన సెషన్ల శాతం. లైకులతో దానికి పనే లేదు.